సెలవులు అయిపోయాయి, జబ్బు తగ్గలేదు: యాజమాన్యం ఎంతవరకు వెళ్లొచ్చు?

అందరికీ నమస్కారం.

సెలవులన్నీ వాడేసినా జబ్బు తగ్గని ఉద్యోగి విషయంలో యాజమాన్యాలు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. ఆయన్ని చెప్పకుండా మానేసినవాళ్ల ఖాతాలో వేసేస్తారు. సెలవు ఖాతా సున్నా అయితే జీతం ఆగుతుంది, ఉద్యోగం పోదు. తేడా ఇక్కడే ఉంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నెలకు 18,000 రూపాయల జీతంతో పనిచేసే మెషీన్ ఆపరేటర్‌కి వెన్నెముక ఆపరేషన్ అయింది. సెలవులు అయిపోయాయి, డాక్టరు ఇంకా విశ్రాంతి రాశారు. ముందుగా ఆయన్ని జీతం లేని సెలవులో ఉంచుతున్నట్టు తేదీలతో ఉత్తరం ఇవ్వాలి. ఉద్యోగుల బీమా పథకమైన ఈఎస్‌ఐలో ఉంటే, అర్హత మేరకు సగటు రోజు వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు అనారోగ్య భత్యం వస్తుంది. ఈయనకు రోజు వేతనం 600 అనుకుంటే, అది 420 రూపాయలు. అందుకే ఈఎస్‌ఐ నెలవారీ చందా వివరాలు నింపేటప్పుడు జాగ్రత్త: పనిచేసిన రోజులు సున్నా అని చూపేచోట కారణంగా "On Leave" పెట్టాలి. పొరపాటున "Left Service" పెడితే, మంచం మీదున్న మనిషి ఉద్యోగం మానేసినట్టు రికార్డవుతుంది.

2025 నవంబరులో సామాజిక భద్రతా కోడ్ వచ్చేదాకా అమల్లో ఉన్న 1948 ఈఎస్‌ఐ చట్టంలోని 73వ సెక్షన్, భత్యం అందుకుంటున్న రోజుల్లోనూ, జబ్బుకు చికిత్సలో ఉన్న రోజుల్లోనూ తొలగించకూడదని కట్టడి పెట్టింది. సర్వీసు నిబంధనలు ఒప్పుకుంటే, మామూలు జబ్బులో ఆరు నెలలు వరసగా గడిచాక, నోటీసిచ్చి ఉద్యోగం నుంచి విడుదల చేసే వీలు దాని నియమావళిలో ఉండేది. క్షయ లాంటి కొన్ని జబ్బులకు ఆ గడువు ఇంకా ఎక్కువగా ఉండేది.

సంస్థ సర్వీసు నిబంధనలైన స్టాండింగ్ ఆర్డర్లలో 'ఎనిమిది రోజులు దాటి రాకపోతే ఉద్యోగంపై హక్కు పోతుంది' అనే మాట చూసి పేరు కొట్టేయడం ఇంకో పొరపాటు. 1993లో డి.కె. యాదవ్ కేసులో సుప్రీంకోర్టు, విచారణ లేకుండా అలా తొలగించడం చెల్లదని తేల్చింది. సర్టిఫికెట్లు పంపుతూనే ఉన్న మనిషి విషయంలో ఆ వాదన ఇంకా బలహీనం.

మరి దారేమిటి? ఎప్పటికి తిరిగి రాగలరు, ఎంత బరువు ఎత్తగలరు, ఎంతసేపు నిలబడగలరు అని డాక్టరు అభిప్రాయాన్ని రాతపూర్వకంగా అడగండి. సందేహముంటే సంస్థ ఖర్చుతో వైద్య బోర్డు పరీక్ష చేయించండి. జబ్బు పేరు తెలిసినంత మాత్రాన చాలదు, పని చేయగల శక్తి ఎంతో తెలియాలి. కూర్చుని చేసే పని, స్టోర్సులో గానీ తనిఖీలో గానీ, ఖాళీ ఉందో లేదో చూసి, చూసినట్టు ఫైల్లో రాయండి.

ఇవన్నీ అయ్యాక కూడా కోలుకునే ఆశ లేదని డాక్టరు చెబితే, ఆ నివేదిక కాపీ ఆయనకిచ్చి, జవాబుకు గడువిచ్చి, ఆ తర్వాతే అనారోగ్యం కారణంగా విడుదల ఉత్తర్వు ఇవ్వాలి. అందులో క్రమశిక్షణ మాటలు రాకూడదు. అంగవైకల్యం వల్ల ఉద్యోగం ముగిస్తే ఐదేళ్లు నిండకపోయినా గ్రాట్యుటీ వర్తిస్తుంది, కాబట్టి లెక్క తేల్చేటప్పుడు దాన్ని వదిలేయకండి.