20 గ్రాముల లెక్క

అందరికీ నమస్కారమండీ. బెంగళూరు కే.ఆర్.పురంలో చెగోడీలు చేసి కిరాణా షాపులకి వేస్తుంటాం మేము, ధర పెంచడంలో ఒకసారి నేను చేసిన తప్పు గురించి చెప్తాను.

2024 సెప్టెంబర్‌లో ముడి పామాయిల్, సోయా, సన్‌ఫ్లవర్ నూనెల మీద బేసిక్ కస్టమ్స్ డ్యూటీ సున్నా నుంచి 20 శాతానికి పెంచారు కదా, దసరా ఆర్డర్లు చేతిలో ఉన్నాయి, నూనె టిన్ను రేటు చూస్తే గుండె ఆగినంత పనైంది. మా 200 గ్రాముల ప్యాకెట్ 60 రూపాయలు, అందులో షాపు వాళ్ళకి 12 పోతే మాకు 48. సరుకు ఖర్చు 36 ఉండేది, నూనె, పప్పు, పిండి అన్నీ కలిపి 40కి వచ్చింది. ఆ 4 రూపాయలు ఎక్కడినుంచి తేవాలి?

ఎంఆర్‌పీ 65 చేస్తే షాపు వాళ్ళకి 13 పోయి మాకు 52 వస్తుంది, సరిపోతుంది. లేదా 60కే 180 గ్రాములు ఇస్తే సరుకు ఖర్చు మళ్ళీ 36కి దిగుతుంది, అదీ సరిపోతుంది. రేటు చూసి జనం ప్యాకెట్ వెనక్కి పెట్టేస్తారని భయపడి 180 చేశాను. కవరు సైజు మార్చలేదు, బరువు మాత్రం కొత్తగా ప్రింట్ చేయించాను, ఎందుకంటే 200 అని రాసి 180 వేస్తే అది నేరం.

రెండు వారాలకి రెగ్యులర్‌గా కొనే ఆంటీ ఒకావిడ షాపులో తక్కెడ మీద పాత ప్యాకెట్, కొత్త ప్యాకెట్ పక్కపక్కన పెట్టి "పెంచుతామని చెప్తే ఇచ్చేదాన్ని కదమ్మా, ఇలా చేశావేంటి" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఇంటికొచ్చి లెక్కేస్తే ఇంకా బాధేసింది, 60కి 180 అంటే గ్రాముకి 33 పైసలు దాటుతుంది, 65కి 200 అంటే 32న్నర పైసలే. అంటే పైకి రేటు పెంచడం వాళ్ళకే చవక! పైగా ఇప్పుడు ప్యాకెట్ మీద గ్రాము రేటు వేయాలి కాబట్టి అది దాగదు కూడా.

తర్వాత 200కి తిరిగొచ్చి 65 చేశాం, నూనె రేటు వల్ల పెంచామని షాపుల్లో కాగితం అంటించాం. పాత స్టాకు మీద ఎక్కువ రేటు స్టిక్కర్ వేయకూడదు, అందుకే అది 60కే అయిపోయేదాకా ఆగి కొత్తది వేశాం. మొదటి నెల అమ్మకం తగ్గింది, తర్వాత కుదురుకుంది.

10 రూపాయల ప్యాకెట్‌కి మాత్రం బరువే తగ్గించాం, 30 నుంచి 28కి. స్కూలు పిల్లాడు కాయిన్ పట్టుకొస్తాడు, 11 అంటే వాడు ఒక్క రూపాయి కోసం ఇంటికి పోవాలి. కవరు కూడా చిన్నది చేశాం, ఈసారి గాలి అమ్మలేదు. 2025 మే చివర్లో డ్యూటీ 10కి దించారు, టిన్ను రేటు మాకు కాస్త దిగాక ఆ 2 గ్రాములు మళ్ళీ కలిపేశాం, షాపాయన చెప్తేనే ఆంటీకి తెలిసిందట.