20 నిమిషాల్లో రెండయ్యే కణం, 40 నిమిషాలు పట్టే డీఎన్ఏ

"ఈ.కోలై బ్యాక్టీరియా 20 నిమిషాలకోసారి రెండవుతుందంటారు. దాని డీఎన్ఏ కాపీ అవడానికే 40 నిమిషాలు పడుతుందంటారు. ఎలా కుదురుతుందండీ?"

ముందు ఆ 40 లెక్క చూద్దాం. క్రోమోజోమ్ గుండ్రంగా ఉంటుంది, సుమారు 46 లక్షల బేస్ జతలు. కాపీ 'ఓరి' అనే చోట మొదలై రెండు వైపులా సాగి, ఎదురుగా ఉన్న 'టెర్' దగ్గర కలుస్తుంది. అంటే ఒక్కో వైపు 23 లక్షలు. వేగం సెకనుకు దాదాపు వెయ్యి. 2,300 సెకన్లు, అంటే 38 నిమిషాలు పైనే. కాపీ పూర్తయ్యాక కణం చీలడానికి ఇంకో 20. మొత్తం 60 నిమిషాలు.

కిటుకేంటంటే, ఒక కాపీ పూర్తయ్యేదాకా ఆగకుండానే కణం తర్వాతిది మొదలుపెట్టేస్తుంది. మంచి తిండి దొరికిన కణంలో, పుట్టేసరికే నాలుగు ఓరిలు ఉంటాయి. వెంటనే అవి ఎనిమిది అవుతాయి. ఇప్పుడు మొదలైన ఈ కాపీ 60 నిమిషాల తర్వాతి విభజనకి, అంటే మునిమనవరాళ్లకి! ఓరిని తెరిచేది డీఎన్ఏఏ అనే ప్రొటీన్. తెరిచిన వెంటనే సెక్ఏ అనే ఇంకో ప్రొటీన్ కొత్త ఓరిని కాసేపు మూసి ఉంచుతుంది, లేకపోతే అదే ఓరి మళ్లీ మొదలైపోతుంది.

ఇక కణాన్ని రెండుగా చీల్చే అడ్డుగోడ. ముందు ఎఫ్‌టీఎస్‌జెడ్ ప్రొటీన్, కణం పొరకి లోపలివైపు, నడుమ రింగులా చేరుతుంది. నడుమే ఎందుకు? రింగు కట్టనివ్వని మిన్ ప్రొటీన్లు దాదాపు నిమిషానికోసారి ఈ కొస నుంచి ఆ కొసకి ఊగుతుంటాయి, అందుకే సగటున వాటి బెడద నడుమే తక్కువ. రెండో కాపలా ఎస్ఎల్ఎమ్ఏ అనే ప్రొటీన్. ఇది డీఎన్ఏ మీద కూర్చుని, అక్కడ రింగు కట్టనివ్వదు. కానీ టెర్ చుట్టుపక్కల దీనికి కూర్చునే చోట్లు చాలా తక్కువ. చివరిదాకా నడుమ మిగిలేది ఆ టెరే! అందుకే క్రోమోజోములు పూర్తిగా విడిపోకముందే రింగు కట్టడం మొదలైపోతుంది. గోడ మూసుకునేలోపు, మధ్యలో చిక్కిన డీఎన్ఏని ఎఫ్‌టీఎస్‌కే అనే ప్రొటీన్ పంపులా అటూ ఇటూ లాగేస్తుంది.

మరి డీఎన్ఏ తెగితే? సులా అనే ప్రొటీన్ పుట్టి ఎఫ్‌టీఎస్‌జెడ్‌ని పట్టేసుకుంటుంది. రింగు ఉండదు, కణం దారంలా సాగిపోతుంది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ వేస్తే ఇదే జరుగుతుంది. సెఫాలెక్సిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ వేసినా దారాలే వస్తాయి, కానీ కారణం వేరు: అది గోడ కట్టే ఎంజైమునే ఆపుతుంది, డీఎన్ఏ జోలికి పోదు. డీఎన్ఏకి పట్టే డాపీ రంగు వేసి మైక్రోస్కోపులో చూడండి. సెఫాలెక్సిన్ దారంలో డీఎన్ఏ ముద్దలు పూసల్లా వరసగా ఉంటాయి. సిప్రో దారంలో అంతా నడుమే గడ్డకట్టి, కొసలు ఖాళీగా కనిపిస్తాయి.

మరమ్మతు అయ్యాక లాన్ అనే ప్రొటియేజ్ సులాని నరికేస్తుంది, విభజన మళ్లీ మొదలవుతుంది. లాన్ లేని మ్యూటెంట్లకి యూవీ తగిలితే, డీఎన్ఏ బాగుపడినా సులా వదలదు. అవి దారాలుగానే సాగి సాగి చచ్చిపోతాయి.