సీతాఫలాల పెట్టెకు ప్రకటన రాయడం ఎలా? – ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: బాలానగర్ మండలం నుంచి ఒక రైతు లైనులో ఉన్నారు. చెప్పండి.

రైతు: నమస్కారం సార్. నేను సీతాఫలాలను పెట్టెల్లో పెట్టి హైదరాబాదుకు పంపుతాను. నిరుడు "బాగా పండినవి, 3 కిలోలు" అని రాశాను. పండ్లు నలిగిపోయాయని కొందరు, తూకం తక్కువని కొందరు గొడవ చేశారు. పెట్టెతో తూస్తే సరిగ్గా మూడు కిలోలు ఉండింది సార్, కాంటా కూడా కొత్తదే, మా అబ్బాయే తూచాడు...

నిపుణుడు: కాంటా తప్పేమీ లేదండి. అట్టపెట్టె, వరిగడ్డి కలిసి మూడు వందల గ్రాములున్నాయనుకోండి, కొన్నవారికి చేరింది 2 కిలోల 700 గ్రాముల కాయలే. కాయలను మాత్రమే తూచి, దారిలో తేమ ఆరిపోతుంది కనుక 150 గ్రాములు ఎక్కువ వేసి, "కాయల బరువు 3 కిలోలు" అని రాయండి. ఒక్కొక్కటి 200 నుంచి 250 గ్రాములుంటే 12 నుంచి 15 వస్తాయి, ఆ సంఖ్య కూడా చెప్పండి.

రైతు: మరి పండినవని రాయవచ్చా సార్?

నిపుణుడు: రాయకూడదు. కళ్ళు విచ్చుకుని, వాటి మధ్య గీతలు లేత పసుపుకు తిరిగిన గట్టి కాయనే కోయాలి. చెట్టుమీద మెత్తబడిన పండు ప్రయాణానికి తట్టుకోదు. కళ్ళు విచ్చుకోకముందే కోస్తే సరిగా పండదు, రుచీ రాదు. అందుచేత "గట్టిగా చేరుతుంది, రెండు మూడు రోజుల్లో పండుతుంది" అని రాయండి.

రైతు: గట్టివంటే కొంటారా సార్? పండినవని రాస్తేనే...

నిపుణుడు: అదే ప్రశ్న మళ్ళీ అడుగుతున్నారు! పండినవని రాస్తే అవి నలిగే చేరతాయి. ఇంకొక మాట, ఫ్రిజ్ సంగతి తప్పక రాయండి. పచ్చికాయను ఫ్రిజ్‌లో పెడితే తొక్క నల్లబడుతుంది, లోపల పండదు. గాలి ఆడే చోట ఒకదానిమీద ఒకటి పేర్చకుండా ఉంచాలి, వేలితో మెల్లగా నొక్కితే లొంగిన వాటిని ఆ రోజో మరునాడో తినాలి. మిగిలితే అప్పుడు మాత్రమే ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులు.

రైతు: రకం పేరు బాలానగర్ అనే రాయాలా సార్? గుట్టమీద ఏరినవి కూడా కొన్ని కలుపుతాము.

నిపుణుడు: బాలానగర్ అన్నది మీ ఊరి పేరే కాదు, రకం పేరు కూడా. తోటలోని ఆ రకం చెట్లవైతేనే ఆ పేరు రాయండి. గుట్ట కాయలను "అడవి సీతాఫలం" అని వేరే పెట్టెలో పెట్టండి. కలిపితే ఒకటి ముందు, ఒకటి తరువాత పండి, మీకు మళ్ళీ ఫిర్యాదే వస్తుంది.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. నల్గొండ నుంచి మరొకరు, క్లుప్తంగా అడగండి.

శ్రోత: బత్తాయి పెట్టెకూ ఎన్ని రోజుల్లో పండుతుందో రాయాలా అండి?

నిపుణుడు: అక్కరలేదమ్మా, కోసిన తరువాత బత్తాయి పండదు. తొక్క కొంత పచ్చగా ఉన్నా లోపల రసం నిండి ఉంటుందని రాయండి.

శ్రోత: మరి నిల్వ...

వ్యాఖ్యాత: క్షమించండి, సమయం ముగిసింది. నమస్కారం.