RTX 3060 అని ఉన్నవన్నీ ఒకే కార్డు కాదు: సఫిక్స్, బస్ విడ్త్ చూసి ఎలా పోల్చాలి

హాయ్ అండీ, స్క్రీన్ మీద మూడు గ్రాఫిక్స్ కార్డుల పేర్లు పెట్టాను చూడండి. RTX 3060 12GB, RTX 3060 8GB, RTX 3060 Ti. మొదటి రెండూ ఒకటే కార్డు, మెమరీ ఒక్కటే తేడా అనిపిస్తుంది కదా, ఇక Ti దాంట్లో ఉన్నది 8 జీబీయే కాబట్టి 12 జీబీ ఉన్నదే పెద్ద కార్డేమో అనిపిస్తుంది. రెండూ తప్పే. ఎందుకో ఇప్పుడు లెక్క వేసి చూద్దాం.

ముందు సఫిక్స్ సంగతి. Ti అంటే సాధారణంగా అదే నంబర్ ఉన్న మామూలు కార్డు కన్నా ఒక మెట్టు పైది. 3060లో 3584 కోర్లు ఉంటే 3060 Tiలో 4864 ఉన్నాయి, అసలు లోపలున్న చిప్పే వేరు. అలాగని సఫిక్స్ కనిపిస్తే కోర్లు పెరిగినట్టే అనుకోకండి. RX 7600, RX 7600 XT తీసుకోండి, రెండింట్లో కోర్లు సమానమే, XTలో మెమరీ 8 నుంచి 16 జీబీ అయింది, క్లాక్ కొంచెం పెరిగింది, అంతే. బాక్స్ మీద పెద్దక్షరాలతో ఉండే OC అయితే ఫ్యాక్టరీలో క్లాక్ కాస్త పెంచి ఇచ్చారని మాత్రమే, కార్డులు పోల్చేటప్పుడు దాన్ని పక్కన పెట్టేయండి.

ఇప్పుడు అసలు విషయం, మెమరీ బస్ విడ్త్. గ్రాఫిక్స్ కార్డు బోర్డు మీద జీపీయూ చుట్టూ చిన్న చిన్న మెమరీ చిప్‌లు ఉంటాయి, ఈ కార్డుల్లో ఒక్కో చిప్ జీపీయూతో 32 బిట్ల దారిలో మాట్లాడుతుంది. 3060 12GBలో 2 జీబీ చిప్‌లు ఆరు ఉన్నాయి, ఆరు ముప్పైరెళ్లు 192 బిట్. 8GB మోడల్‌లో వాటిలో రెండు తీసేసి నాలుగే పెట్టారు, అంటే మెమరీతో పాటు దారి కూడా 128 బిట్‌కి పడిపోయింది, పేరులో మాత్రం ఆ ముక్క ఎక్కడా ఉండదు. Ti కూడా 8 జీబీయే కానీ దాంట్లో 1 జీబీ చిప్‌లు ఎనిమిది, కాబట్టి 256 బిట్. చూశారా, రెండు కార్డుల మీదా 8GB అనే ఉంది, ఒకదాని దారి రెండోదాంట్లో సగం!

దీన్ని బ్యాండ్‌విడ్త్‌గా, అంటే సెకనుకి ఎంత డేటా వెళ్లగలదో ఆ లెక్కలోకి మారిస్తే తేడా ఇంకా బాగా అర్థమవుతుంది. బస్ విడ్త్‌ని 8తో భాగించి, మెమరీ స్పీడ్ ఎన్ని జీబీపీఎస్ అయితే దాంతో గుణించాలి.

```
3060 12GB : 192 / 8 x 15 = 360 GB/s
3060 8GB  : 128 / 8 x 15 = 240 GB/s
3060 Ti   : 256 / 8 x 14 = 448 GB/s
```

పైన రెండూ చూడండి, కోర్లు అవే 3584, మెమరీ స్పీడ్ అదే 15 జీబీపీఎస్, కానీ బ్యాండ్‌విడ్త్ మూడో వంతు పోయింది. కోర్లు ఎన్ని ఉన్నా వాటికి డేటా టైమ్‌కి అందకపోతే ఖాళీగా కూర్చోవాల్సిందే, అందుకే 8GB మోడల్ గేమ్‌లో మెమరీ నిండకపోయినా ఫ్రేమ్‌లు తక్కువ ఇస్తుంది. ఇలాంటి కార్డుని అదే పేరుతో వదలడం కొనేవాళ్లకి అన్యాయం అనే నేనంటాను. RTX 3050 కూడా ఇంతే, 8GB దాంట్లో 2560 కోర్లు, 128 బిట్, అదే 6GB అయితే 2304 కోర్లు, 96 బిట్, పేరు మాత్రం రెండిటికీ 3050యే.

మరి ఎక్కడ చూడాలి? కొత్తది కొంటుంటే కార్డు తయారుచేసిన కంపెనీ సైట్‌లో ఖచ్చితంగా ఆ మోడల్ పేజీకే వెళ్లి స్పెసిఫికేషన్స్‌లో Memory Interface లేదా Memory Bus అనే లైన్ చూడండి. సేల్ పేజీ టైటిల్‌ని నమ్ముకోవద్దు, అక్కడ జీబీ ఉంటుంది కానీ బిట్ చాలాసార్లు ఉండదు. సెకండ్ హ్యాండ్ అయితే సిస్టమ్ ఆన్ చేయించి, కార్డు వివరాలు చూపించే GPU-Z అనే టూల్ ఓపెన్ చేయండి, మొదటి ట్యాబ్‌లోనే Bus Width, దాని దగ్గరే Bandwidth కనిపిస్తాయి. 12GB అని చెప్పిన 3060లో అక్కడ 192 కాకుండా ఇంకేదైనా ఉంటే డబ్బులు ఇవ్వకండి.

ఒక్క జాగ్రత్త, ఈ పోలిక ఒకే జనరేషన్ కార్డుల మధ్యే చేయండి. RTX 4060ది 128 బిట్, 272 GB/s మాత్రమే, కాగితం మీద 3060 12GB కన్నా తక్కువ, అయినా మెమరీ సరిపోయే గేముల్లో ఎక్కువగా 4060యే ముందుంటుంది. ఎందుకంటే కోర్లు కొత్తవి, పైగా చిప్ లోపల L2 క్యాష్ 3060లో 3 ఎంబీ ఉంటే దీంట్లో 24 ఎంబీ, చాలా డేటా అక్కడే దొరికిపోతుంది కాబట్టి బయటి మెమరీ దాకా వెళ్లే పని తగ్గుతుంది. రిజల్యూషన్ పెంచేకొద్దీ ఆ క్యాష్ సరిపోక మళ్లీ మెమరీ మీదే ఆధారపడాలి, అందుకని 4060 లాంటి కార్డుకి 1080p బెంచ్‌మార్క్ ఒక్కటే కాకుండా మీ మానిటర్ రిజల్యూషన్‌లో చేసిన టెస్ట్ వెతికి చూడండి.