4 టీబీ డిస్క్ 500 జీబీగా కనిపిస్తే

మిత్రులారా, ఈరోజు ఒక్క కేసే చూద్దాం. సర్వర్‌లోంచి తీసిన 4 టీబీ హార్డ్‌డిస్క్‌ని పాత యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో పెట్టి లైనక్స్ లాప్‌టాప్‌కి తగిలించాం అనుకోండి. డిస్క్ మామూలుగానే తిరుగుతోంది, తేడా చప్పుడేమీ లేదు. `dmesg` చూస్తే మాత్రం ఇలా ఉంది:

```
[sdb] 976754646 512-byte logical blocks: (500 GB/466 GiB)
```

దాని వెనకే వరసగా రీడ్ ఎర్రర్లు. డిస్క్ పోయిందని ఇక్కడే టెన్షన్ పడిపోతారు. ఒక్క నిమిషం ఆగి, ఆ 976754646ని 512 బదులు 4096తో గుణించండి. 4 టీబీ వస్తుంది! డిస్క్ చెప్పిన సెక్టార్ల సంఖ్య సరైనదే. ఒక్కో సెక్టార్‌ 512 బైట్లని అనుకున్నది ఎన్‌క్లోజర్‌లో డిస్క్‌కీ యూఎస్‌బీకీ మధ్యలో ఉన్న బ్రిడ్జ్ చిప్.

ఆ పాత చిప్ ఫర్మ్‌వేర్ రాసిన రోజుల్లో సెక్టార్ అంటే 512 బైట్లే. లాప్‌టాప్ 4096 బైట్లు కావాలంటే చిప్ 8 సెక్టార్లు అడుగుతుంది. ఈ డిస్క్ 8 సెక్టార్లంటే 32768 బైట్లు పంపుతుంది. చిప్ ఎదురుచూసినదానికి ఎనిమిది రెట్లు! లెక్క కుదరక ఎర్రర్ ఇస్తుంది, లేదా లింక్ రీసెట్ అవుతుంది. కొన్ని చిప్‌లు డిస్క్‌ని అసలు చూపించనే చూపించవు.

ఇక్కడ ఒక తేడా పట్టుకోవాలి. లోపల ఫిజికల్ సెక్టార్ 4096 అయినంత మాత్రాన ఈ ఇబ్బంది రాదు. 2011 నుంచి ఇళ్లలో వాడే డిస్కులు ఎక్కువగా అలాంటివే. బయటికి మాత్రం 512 అనే చెబుతాయి, వాటిని 512ఈ అంటారు. సైజు 2 టీబీ దాటనంతవరకు పాత ఎన్‌క్లోజర్‌లోనూ అవి నడుస్తాయి. పార్టిషన్ పాత పద్ధతిలో 63వ సెక్టార్ దగ్గర మొదలైతే రాయడం నెమ్మదిస్తుంది, అంతే. బయటికి కూడా 4096 అనే చెప్పే 4కేఎన్ డిస్కులతోనే ఈ గొడవ.

ఏ రకమో తెలియాలంటే డిస్క్‌ని నేరుగా సాటా పోర్ట్‌కి తగిలించి ఇది నడపండి:

```
lsblk -o NAME,LOG-SEC,PHY-SEC
```

రెండూ 4096 అయితే 4కేఎన్. ఎన్‌క్లోజర్ ద్వారా చూసి నిర్ణయించకండి, అక్కడ కనిపించేది చిప్ చెప్పే మాట.

ఇంకో సంగతి గట్టిగా చెబుతాను. ఎన్‌క్లోజర్‌లో ఉండగా విండోస్ "ఇనిషియలైజ్ చేయాలా?" అని అడిగితే ఒప్పుకోకండి. పార్టిషన్ పట్టిక ఎక్కడుందో చెప్పే జీపీటీ హెడర్ ఉండేది సెక్టార్ 1లో. 512 లెక్కలో అది 512వ బైట్ దగ్గర, 4096 లెక్కలో 4096వ బైట్ దగ్గర మొదలవుతుంది. తప్పు లెక్కతో రాస్తే బాగున్న పార్టిషన్ పట్టికే దెబ్బతినొచ్చు.

డేటా కావాలంటే నేరుగా సాటాకి తగిలించి కాపీ చేసుకోండి. విండోస్ అయితే 8 లేదా ఆ తర్వాతిది కావాలి. ఎన్‌క్లోజరే వాడాలనుకుంటే 4కేఎన్‌కి సపోర్ట్ ఉందని స్పష్టంగా రాసినదే కొనండి. కొన్ని సర్వర్ డిస్కులను 512ఈకి మార్చుకోవచ్చు కూడా. కానీ అలా మారిస్తే లోపలి డేటా పోతుంది, కాబట్టి కాపీ పూర్తయ్యాకే ఆ పని.