టైమ్‌లైన్ ఆగి ఆగి ఆడుతోందా? ఎస్‌ఎస్‌డీ కొనే ముందు ఇది చూడండి

నమస్తే అండీ. ఈ ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీని కంపెనీవాళ్ళు రివ్యూ కోసం ఉచితంగా పంపారు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. స్పెక్స్ మీరు ఈపాటికి చూసే ఉంటారు, వాటి జోలికి వెళ్ళను. ఇది కొంటే ప్రీవ్యూలో ఫ్రేములు పడిపోవడం ఆగుతుందా, గంట నిడివి ప్రాజెక్టు ఎక్స్‌పోర్ట్ మధ్యలో ఆగిపోకుండా ఉంటుందా అన్నది మాత్రం చూద్దాం.

ఫోన్‌లో తీసిన 4కె హెచ్‌ఈవీసీ వీడియో సెకనుకు సుమారు 50 మెగాబిట్లు. 8తో భాగిస్తే 6 మెగాబైట్ల పైచిలుకు. పాత హార్డ్ డిస్క్ కూడా దీన్ని సునాయాసంగా ఇస్తుంది. మరి ప్లేబ్యాక్ ఎందుకు తడబడుతుంది? ఇలాంటి ఫైల్లో పూర్తి బొమ్మ సెకనుకు ఒక్కటే ఉండొచ్చు. మిగతా ఫ్రేముల్లో ఉండేది పక్క ఫ్రేముతో పోలిస్తే ఏం మారిందన్న వివరమే. మీరు కట్ పెట్టింది 25వ ఫ్రేము దగ్గరనుకోండి, ఆ ఒక్క బొమ్మ చూపించడానికి 1వ ఫ్రేము నుంచి విప్పుకుంటూ రావాలి. అందుకే కట్లు ఎక్కువున్న చోటే ఎక్కువ తడబడుతుంది. ఆ పని ప్రాసెసర్‌ది, గ్రాఫిక్స్ కార్డుది. డిస్క్‌ది కాదు.

నమ్మకం కుదరకపోతే టాస్క్ మేనేజర్ తెరిచి పెట్టుకుని టైమ్‌లైన్ ప్లే చేయండి. డిస్క్ దగ్గర Active time తక్కువగా ఉండి, సీపీయూ గానీ జీపీయూలోని Video Decode గానీ 100కి అంటుకుపోతోందంటే ఎస్‌ఎస్‌డీ మార్చి లాభం లేదు. దానికి మందు ప్రాక్సీ, అంటే ఎడిటింగ్ చేసేంతసేపు ఒరిజినల్ బదులు వాడుకునే తేలికపాటి కాపీ. 1080పి ప్రోరెస్ ప్రాక్సీలో ప్రతి ఫ్రేమూ దానికదే పూర్తి బొమ్మ. 30 ఫ్రేముల వీడియో అయితే సెకనుకు 45 మెగాబిట్లు, అంటే గంట ఫుటేజీకి 20 జీబీ. సైజు చూసి వెనకాడకండి, ఈ డిస్క్ నిజంగా పనికొచ్చేది అక్కడే. ఒరిజినల్సే 4కె ప్రోరెస్ 422 హెచ్‌క్యూ అయితే ఒక్క లేయర్‌కే సెకనుకు 110 మెగాబైట్లు కావాలి. రెండు లేయర్లు పెడితే హార్డ్ డిస్క్ చేతులెత్తేస్తుంది, ఇది మాత్రం చక్కగా లాగుతుంది.

నాకు చిరాకు తెప్పించింది కేబుల్. పెట్టెలో ఇచ్చింది జానెడు కూడా లేదు. డెస్క్‌టాప్ వెనక పోర్టుకు పెడితే డిస్క్ గాల్లో వేలాడుతుంది. పోనీ అని చాలామంది ఫోన్ చార్జర్ టైప్-సి కేబుల్ తగిలిస్తారు. వాటిలో చాలావరకు యూఎస్‌బీ 2.0 వైర్లే, సెకనుకు 40 మెగాబైట్లు దాటవు. ఇంత ఖరీదైన డిస్క్ పాత హార్డ్ డిస్క్ కన్నా నెమ్మదిగా నడుస్తుంది. వేలాడే కేబుల్ ఒక్క క్షణం కదిలి కనెక్షన్ పోయినా ఎక్స్‌పోర్ట్ ఫెయిలే. కాబట్టి రెండరింగ్ ఇంటర్నల్ డిస్క్‌లోకి చేసి, అయ్యాక ఫైల్ ఇందులోకి కాపీ చేసుకోండి.

కేబుల్ బాగానే ఉన్నా ఎక్స్‌పోర్ట్ ఆగుతోందంటే, ఎంత శాతం దగ్గర ఆగిందో రాసుకుని మళ్ళీ నడపండి. రెండోసారి వేరే చోట ఆగితే వేడి, ర్యామ్, డిస్క్‌లో ఖాళీ చూసుకోవాలి. రెండుసార్లూ 62 దగ్గరే ఆగిందనుకోండి, గంట టైమ్‌లైన్లో అది సుమారు 37 నిమిషాల 12 సెకన్లు. ప్లేహెడ్ అక్కడికి తీసుకెళ్ళి చుట్టుపక్కల ఏముందో చూడండి. సాధారణంగా దొరికేది ఓ పెద్ద ఫోటో. 12000 × 8000 పిక్సెళ్ళ పనోరమా ఫైల్‌గా 30 ఎంబీయే ఉండొచ్చు. కానీ విప్పితే 9 కోట్ల 60 లక్షల పిక్సెళ్ళు. 32-బిట్ ఫ్లోట్‌లో పిక్సెల్‌కు 16 బైట్ల చొప్పున 1.5 జీబీ. దాని మీద నాయిస్ రిడక్షన్, బ్లర్ వేస్తే అలాంటి కాపీలు ఇంకొన్ని పుడతాయి, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు నిండిపోతుంది. ఆ ఫోటోను 5760 × 3840కి తగ్గించి మళ్ళీ పెట్టండి. 4కె టైమ్‌లైన్లో ఒకటిన్నర రెట్లు జూమ్ చేసినా పదును పోదు, మెమరీ మాత్రం 350 ఎంబీకి దిగుతుంది.

పెద్ద ప్రాజెక్టును ఎప్పుడూ ఒకే దెబ్బలో రెండర్ చేయకండి. క్రాస్‌ఫేడ్ గానీ, మధ్యలో తెగే పాట గానీ లేని చోటు చూసి, 15 నిమిషాలకో ముక్కగా, అన్నీ ఒకే సెట్టింగులతో ప్రోరెస్‌లో తీయండి. ముక్కల పేర్లు list.txtలో వరుసకొకటి ఇలా రాయండి:

```
file 'part1.mov'
file 'part2.mov'
```

తర్వాత అదే ఫోల్డర్లో టెర్మినల్ తెరిచి, ffmpeg అనే ఉచిత టూల్‌తో ఇది నడపండి:

```
ffmpeg -f concat -safe 0 -i list.txt -c copy final.mov
```

ఇది మళ్ళీ ఎన్‌కోడ్ చేయదు, ఉన్నదున్నట్టు అతికిస్తుంది. మూడో ముక్క ఫెయిలైతే ఆ ఒక్కటే మళ్ళీ తీస్తే చాలు. అతుకుల దగ్గర శబ్దం ఓసారి విని, అప్పుడు final.mov నుంచి అప్‌లోడ్‌కు హెచ్.264 తీసుకోండి.

ఇక డిస్క్ మాటంటారా, ప్రోరెస్‌తోనో ప్రాక్సీలతోనో పనిచేసేవాళ్ళు హాయిగా కొనుక్కోండి, మంచి కేబుల్ మాత్రం విడిగా తీసుకోండి. ఫోన్ ఫుటేజీ తడబడుతోందని కొనాలనుకునేవాళ్ళు ఆ డబ్బు దాచుకుని, ఈ రాత్రికే ప్రాక్సీలు పెట్టి పడుకోండి.