నొక్కిన కీ ఎక్కడెక్కడ ఆగుతుంది

అందరికీ నమస్కారం.

వైరున్న గేమింగ్ కీబోర్డ్ ఏది కొన్నా పెట్టె మీద పోలింగ్ రేట్ అని ఒక అంకె పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. మొన్నటిదాకా అది 1000 హెర్ట్జ్, ఇప్పుడు 8000 హెర్ట్జ్. ఆ అంకె పెరిగితే ఆడేటప్పుడు మన చేతికి తేడా తెలుస్తుందా అన్నదే ఈరోజు ప్రశ్న. నా జవాబు ముందే చెప్పేస్తాను. 125 నుంచి 1000కి వెళ్తే తేడా ఉంది, కొన్ని రకాల ఆటల్లో చేతికి కూడా తెలుస్తుంది. 1000 నుంచి 8000కి వెళ్తే తేడా లెక్కలో ఉంటుంది, చేతికి తెలియదు. అసలు ఆలస్యంలో పెద్ద భాగం మాత్రం పెట్టె మీద ఎవరూ రాయని చోట ఉంటుంది. ఈరోజు ఎక్కువసేపు ఆ చోటు గురించే మాట్లాడతాను.

ముందు పోలింగ్ అంటే ఏమిటో చూద్దాం. యూఎస్‌బీలో కీబోర్డ్ తనంతట తాను నోరు విప్పదు. కంప్యూటర్ అడగాలి, అప్పుడే అది చెప్పాలి. "ఏమైనా ఉందా?" అని కంప్యూటర్ సెకనుకు ఎన్నిసార్లు అడుగుతుందో అదే పోలింగ్ రేట్. 125 హెర్ట్జ్ అంటే 8 మిల్లీసెకన్లకు ఒకసారి, 1000 అంటే మిల్లీసెకనుకు ఒకసారి, 8000 అంటే మిల్లీసెకనులో ఎనిమిదో వంతుకు ఒకసారి.

8 నిమిషాలకో బస్సు వచ్చే స్టాపుకి మీరు ఎప్పుడో ఒకప్పుడు వెళ్తారనుకోండి. ఒక్కోసారి వెళ్ళగానే బస్సు దొరుకుతుంది, ఒక్కోసారి 8 నిమిషాలు నిలబడాలి, సగటున 4 నిమిషాలు పడుతుంది. ఇక్కడా అంతే. 125 హెర్ట్జ్ దగ్గర సగటు నిరీక్షణ 4 మిల్లీసెకన్లు, 1000 దగ్గర అర మిల్లీసెకను, 8000 దగ్గర దాదాపు 0.06. అంటే మొదటి మెట్టులో మనకు మిగిలేది మూడున్నర మిల్లీసెకన్లు, రెండో మెట్టులో అర మిల్లీసెకను కన్నా తక్కువ. 8 రెట్లు అన్న మాట రెండు చోట్లా ఒకటే అయినా, మిగిలే కాలం ఒకటి కాదు.

అయితే బస్సు స్టాపుకి రాకముందే ఆ నొక్కు ఇంకో చోట ఆగుతుంది. మెకానికల్ స్విచ్ లోపల రెండు చిన్న లోహపు రేకులు ఉంటాయి. కీ దిగినప్పుడు అవి తాకుతాయి. తాకి ఊరుకోవు, సన్నగా కంపిస్తాయి. తాకి, విడిపోయి, మళ్ళీ తాకి, ఒకటి రెండు మిల్లీసెకన్ల తర్వాత గానీ కుదురుకోవు. కొన్ని స్విచ్‌లు ఇంకాసేపు తీసుకుంటాయి. ఈ కంపనాన్ని ఉన్నది ఉన్నట్టు కంప్యూటర్‌కి పంపితే ఒక్కసారి నొక్కిన అక్షరం రెండు మూడుసార్లు పడుతుంది. అలా పడకుండా కీబోర్డ్ లోపలి ఫర్మ్‌వేర్ చేసే పనినే డిబౌన్స్ అంటారు.

డిబౌన్స్ రెండు రకాలుగా చేయవచ్చు. ఒకటి, కంపనం ఆగేదాకా ఆగి, ఆ తర్వాత "నొక్కారు" అని చెప్పడం. రెండు, మొదటి తాకిడికే "నొక్కారు" అని చెప్పేసి, తర్వాత కొన్ని మిల్లీసెకన్లపాటు ఆ కీని పట్టించుకోకపోవడం. మొదటి పద్ధతిలో ప్రతి నొక్కూ ఆలస్యమవుతుంది. రెండో దానిలో నొక్కు వెంటనే వెళ్తుంది. చాలామంది వాడే ఉచిత ఫర్మ్‌వేర్ క్యూఎంకేలో మనం ఏమీ మార్చకపోతే ఉండేది మొదటి పద్ధతే, 5 మిల్లీసెకన్లతో. పైగా ఆ గడియారం కీబోర్డ్ మొత్తానికీ ఒక్కటే. మీరు ఒక కీ నొక్కిన 3 మిల్లీసెకన్లకి ఇంకో కీ నొక్కితే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది, మొదటి కీ కూడా 8 మిల్లీసెకన్లు ఆగుతుంది. రెండు మూడు కీలు ఒకేసారి కొట్టే ఆటల్లో ఇది సరిగ్గా అవసరమైనప్పుడే దెబ్బతీస్తుంది.

ఇది నాకు లెక్కగా తెలిసినా, కళ్ళతో చూడాలనిపించింది. అందుకు చేసిన ప్రయోగం ఇది. ఒకే రకం కీబోర్డులు రెండు తీసుకున్నాను. రెండింటిలోనూ క్యూఎంకే. వేలితో రెండు కీలు ఒకేసారి నొక్కడం ఎవరి వల్లా కాదు, అందుకని ఒకే బటన్‌కి, వెలుగుతో పనిచేసే చిన్న స్విచ్‌ల్లాంటి ఆప్టోకప్లర్లు రెండు కట్టి, ఒక్కొక్కదాన్ని ఒక్కో కీబోర్డ్‌లోని ఒక స్విచ్ కాళ్ళకి టంకం వేశాను. ఇప్పుడు బటన్ ఒక్కసారి నొక్కితే రెండు కీబోర్డులకీ ఆ నొక్కు ఒకే క్షణంలో అందుతుంది. రెండూ ఒకే లినక్స్ కంప్యూటర్‌కి తగిలించి, రెండు టెర్మినళ్ళలో `evtest` నడిపాను. అది ప్రతి నొక్కుకీ మైక్రోసెకన్లతో సహా సమయం చూపిస్తుంది. రెండు సమయాల తేడా చూసుకుంటే చాలు.

మొదటి విడతలో రెండింటికీ ఒకే ఫర్మ్‌వేర్. ఒకసారి ఇది ముందు, ఒకసారి అది ముందు, తేడా మిల్లీసెకను దాటలేదు. కొలత సరిగ్గా ఉందని తెలియడానికి ఈ విడత తప్పనిసరి.

రెండో విడతలో ఒకదాని పోలింగ్ మాత్రం 8 మిల్లీసెకన్లకి మార్చాను. `config.h` ఫైల్లో ఒక్క వరుస:

```
#define USB_POLLING_INTERVAL_MS 8
```

ఇప్పుడు తేడాలు చెల్లాచెదురయ్యాయి. ఒక నొక్కుకి 1, తర్వాతిదానికి 7, ఆ తర్వాత 3. సగటు లెక్క చెప్పినట్టే మూడున్నర దరిదాపుల్లో ఉంది.

మూడో విడతలో రెండింటి పోలింగ్‌నీ మళ్ళీ 1000 హెర్ట్జ్‌కి తెచ్చి, ఒకదానికి మాత్రం డిబౌన్స్ పద్ధతి మార్చాను. `rules.mk` ఫైల్లో ఇది చేర్చాలి:

```
DEBOUNCE_TYPE = sym_eager_pk
```

ఈసారి తేడా దాదాపు కదల్లేదు. ప్రతి నొక్కుకీ 5, 6 మిల్లీసెకన్లు. మార్చిన కీబోర్డే ప్రతిసారీ ముందు.

ఇక్కడ కాసేపు ఆగుదాం. పెట్టె మీద 1000 హెర్ట్జ్ అని ఉండి, లోపల ఆగి చెప్పే డిబౌన్స్ ఉన్న కీబోర్డ్ సగటున ఐదున్నర మిల్లీసెకన్లు తీసుకుంటుంది. 125 హెర్ట్జ్ అయినా వెంటనే చెప్పే డిబౌన్స్ ఉన్నది సగటున 4 తీసుకుంటుంది. పెట్టె మీది అంకె చూసి కొంటే మనం నెమ్మదిగా ఉన్నదాన్నే ఎంచుకుంటాం. 5 మిల్లీసెకన్ల డిబౌన్స్ మీద 8000 హెర్ట్జ్ పెట్టినా 5 మిల్లీసెకన్లు అక్కడే ఉంటాయి.

మరి అందరూ రెండో పద్ధతికే ఎందుకు మారరు? దానికీ ఒక బలహీనత ఉంది. మొదటి తాకిడినే నమ్ముతుంది కాబట్టి, వైరింగ్‌లో విద్యుత్ అలజడి ఉంటే ఎవరూ నొక్కని కీ కూడా పడవచ్చు. ఇంకో పొరపాటు నేను స్వయంగా చేశాను. పద్ధతి మార్చకుండా ఉన్న 5నే 1కి తగ్గించాను. కొత్త స్విచ్‌ల మీద బాగానే నడిచింది. బాగా వాడిన స్పేస్ కీ మాత్రం ఒక నొక్కుకి రెండుసార్లు పడటం మొదలుపెట్టింది. గెంతాల్సిన చోట రెండుసార్లు గెంతుతుంటే ఆట తప్పు అనుకుని రెండు రోజులు వెతికాను. ఏదైనా ఎడిటర్ తెరిచి ఒకే కీని నెమ్మదిగా 50 సార్లు నొక్కి, ఎన్ని అక్షరాలు పడ్డాయో లెక్కపెడితే ఇది ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

ఇప్పుడు 8000 సంగతి. మీ కీబోర్డ్ నిజంగా అంత వేగంతో మాట్లాడుతోందా అని ముందు చూసుకోవాలి. లినక్స్‌లో `lsusb -t` కొడితే ప్రతి పరికరం పక్కన వేగం కనిపిస్తుంది. `12M` అని ఉంటే అది ఫుల్ స్పీడ్ యూఎస్‌బీ, అందులో మిల్లీసెకనుకి ఒకసారి మించి అడగడం కుదరదు. 8000 కావాలంటే `480M` ఉండాలి. ఇక బ్రౌజర్‌లో కీబోర్డ్ పోలింగ్ పరీక్షలు చూపే అంకెను నేను నమ్మను. మౌస్ కదిలిస్తే వరుసగా కబుర్లు వస్తూనే ఉంటాయి కాబట్టి వాటిని లెక్కపెట్టవచ్చు. కీబోర్డ్ అలా కాదు, ఏదైనా మారితేనే చెబుతుంది. మిగతా అన్ని ప్రశ్నలకీ "ఏమీ లేదు" అనే ఊరుకుంటుంది. అందుకే కీలు గబగబా కొట్టి చూసే ఆ పరీక్షల్లో మన వేళ్ళ వేగమే తేలుతుంది.

సరే, నిజంగా 8000 ఉందనుకుందాం. మిగిలే 0.44 మిల్లీసెకను ఆటలో ఏమవుతుంది? చాలా ఆటలు ఫ్రేముకి ఒకసారే కీబోర్డ్ వైపు చూస్తాయి. సెకనుకు 240 ఫ్రేములు అనుకుంటే, ఫ్రేము 4.17 మిల్లీసెకన్లు. మీ నొక్కు 0.44 ముందు అందితే, దాదాపు పది నొక్కుల్లో ఒకటి ఒక ఫ్రేము ముందుగా తెర మీదకి వస్తుంది, మిగతా తొమ్మిదింటికీ ఏ తేడా ఉండదు. 60 ఫ్రేముల దగ్గరైతే దాదాపు నలభైకి ఒకటి. కాబట్టి లాభం సున్నా అని నేను అనను. ఏ నొక్కుకి వచ్చిందో మాత్రం ఎవరూ చెప్పలేరు.

దీన్నే వేలి లెక్కలో చూడండి. వేలు సెకనుకు 20 సెంటీమీటర్ల వేగంతో దిగుతోందనుకుందాం. 0.44 మిల్లీసెకనులో అది దిగేది మిల్లీమీటరులో పదో వంతు కూడా కాదు. ఒకే కీబోర్డ్‌లో పక్కపక్క స్విచ్‌లు పనిచేయడం మొదలుపెట్టే లోతులోనే అంతకన్నా ఎక్కువ తేడా ఉంటుంది. అదే 2 మిల్లీమీటర్ల దగ్గర పనిచేసే స్విచ్ తీసి 1.2 దగ్గర పనిచేసేది పెడితే, ఆ వేగంతో 4 మిల్లీసెకన్లు మిగులుతాయి. 8000 ఇచ్చేదానికి ఇది తొమ్మిది రెట్లు.

125 హెర్ట్జ్ చేతికి తెలుస్తుందన్నాను కదా, అది ఎక్కడో కూడా చెప్పాలి. తాళానికి తగ్గట్టు కీ కొట్టే ఆటల్లో. ఆలస్యం ఎప్పుడూ ఒకేలా 5 మిల్లీసెకన్లు ఉంటే ఆటలో ఆఫ్‌సెట్ సర్దుకుని మర్చిపోవచ్చు. 125 దగ్గర అది నొక్కు నొక్కుకీ 0 నుంచి 8 దాకా మారుతుంది, ఏ ఆఫ్‌సెట్టూ దాన్ని సర్దలేదు. ఇరవై మిల్లీసెకన్ల లోపు కొట్టాల్సిన చోట 8 దాకా మారుతుంటే మంచి ఆటగాడికి చిరాకు పుడుతుంది. 1000కి వచ్చేసరికి ఆ ఊగిసలాట ఒక్క మిల్లీసెకనులోపే. చూసి స్పందించే షూటింగ్ ఆటల్లో ఇది ఇంకా తక్కువ తెలుస్తుంది, ఎందుకంటే మన సొంత స్పందనే ఒకసారికీ మరోసారికీ పది, ఇరవై మిల్లీసెకన్లు మారిపోతుంది.

షూటింగ్ ఆటల వాళ్ళు నొక్కడం కన్నా వదలడం మీద దృష్టి పెట్టాలి. ఎడమకి పరుగెడుతూ ఆగి కాల్చాలంటే A వదిలి D తట్టాలి. A పైకి వచ్చి రేకులు విడిపోయే లోతు దాటేదాకా ఆ కీ నొక్కి ఉన్నట్టే లెక్క, దాని మీద మళ్ళీ డిబౌన్స్. కొన్ని ఫర్మ్‌వేర్లలో నొక్కు వెంటనే వెళ్తుంది, వదలడం మాత్రం ఆగి వెళ్తుంది. అయస్కాంతపు స్విచ్‌లున్న కీబోర్డులు ఇక్కడ నిజంగా తేడా చూపిస్తాయి. వాటిలో తాకే రేకులు లేవు కాబట్టి కంపనమూ లేదు. వేలు కొద్దిగా పైకి లేచిన క్షణమే కీ వదిలినట్టు గుర్తించేలా పెట్టుకోవచ్చు. అలాంటి దానిలో 1000, 8000 మార్చి మార్చి ఆడి చూశాను, నాకు ఏ తేడా దొరకలేదు. వదిలే లోతుని మిల్లీమీటరు నుంచి 0.2కి తగ్గించినప్పుడు మాత్రం మొదటి ఆటలోనే దొరికింది.